గంటల జీతం ఉద్యోగంలో లీవ్ లెక్క: పే స్టబ్‌లో అంకె సరైనదో కాదో ఎలా చూసుకోవాలి

అమెరికాలో గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్ల పే స్టబ్‌లో కింద ఒక మూల మూడు చిన్న అంకెలుంటాయి: ఈ పే పీరియడ్‌లో జమ అయిన లీవ్, వాడుకున్న లీవ్, మిగిలిన బ్యాలెన్స్. చాలామంది వచ్చిన డాలర్లు చూసి స్టబ్ మూసేస్తారు. కానీ ఆ బ్యాలెన్స్ కూడా మీరు సంపాదించిన జీతమే, కాకపోతే ఇంకా చేతికి రాలేదు. లెక్క తప్పితే నష్టం ఏ పీరియడ్‌కూ పెద్దగా కనిపించదు. ఏడాది చివర సెలవు అడిగితే గంటలు చాలవని తేలినప్పుడే విషయం బయటపడుతుంది. అందుకే దీన్ని మీరే ఎలా లెక్కేసుకోవాలో, స్టబ్‌లో అంకెతో తేడా వస్తే దానికి కారణం ఎలా పట్టుకోవాలో ఒక్కో మెట్టుగా చెబుతాను.

ముందు ఒక విషయం తెలిసి ఉండాలి. వెకేషన్‌కో, అన్నిటికీ కలిపి ఇచ్చే పీటీవోకో డబ్బు చెల్లించాలని ఫెడరల్ కార్మిక చట్టం యజమానిని బలవంతపెట్టదు. కాబట్టి మీ హక్కు రెండు చోట్ల నుంచి వస్తుంది: కంపెనీ రాతపూర్వక పాలసీ, మీరు పనిచేసే రాష్ట్రం చట్టం. లెక్క మొదలుపెట్టే ముందు ఉద్యోగుల హ్యాండ్‌బుక్‌లో లీవ్ పేజీ తెరిచి దగ్గర పెట్టుకోండి.

జమ రేటు కనుక్కోండి

పాలసీలో సాధారణంగా "ఫుల్‌టైమ్ ఉద్యోగికి ఏడాదికి 80 గంటలు" అని రాస్తారు. వారానికి 40 గంటల చొప్పున 52 వారాలకు 2080 గంటలు. 80ని 2080తో భాగిస్తే 0.03846 వస్తుంది. అంటే మీరు చేసే ప్రతి గంటకూ అంత భాగం లీవ్ జమ అవుతుంది. రెండు వారాలకోసారి జీతమిచ్చే చోట పే పీరియడ్‌కు 80 గంటలు పడతాయి కాబట్టి, 80ని 0.03846తో గుణిస్తే పీరియడ్‌కు 3.08 గంటలు.

కొన్ని రాష్ట్రాల చట్టాలు ఈ రేటును వేరే రూపంలో చెబుతాయి. కాలిఫోర్నియాలో సిక్ లీవ్‌కు పనిచేసిన ప్రతి 30 గంటలకు కనీసం ఒక గంట. ఇల్లినాయ్‌లో 2024 జనవరి నుంచి ఏ కారణానికైనా వాడుకోగల లీవ్ ప్రతి 40 గంటలకు ఒక గంట. నెవాడా చట్టం 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న యజమానులకు గంటకు 0.01923 అని దశాంశంలోనే రాసింది. చూడ్డానికి వింతగా ఉన్నా అది 40ని 2080తో భాగించగా వచ్చినదే, అంటే ఏడాదికి 40 గంటలు. పాలసీలో ఏ రూపంలో ఉన్నా సరే, దాన్ని "గంటకు ఇంత" అనే ఒకే అంకెగా మార్చుకోండి. మిగతా లెక్కంతా దాని మీదే నడుస్తుంది.

ఈ అంకెను తొందరపడి కుదించకండి. 0.03846ని 0.038గా తగ్గిస్తే ఏడాదికి 79.04 గంటలే వస్తాయి, దాదాపు ఒక గంట పోయినట్టే. 0.04గా పెంచితే 83.2 అవుతుంది. దశాంశం తర్వాత ఐదు అంకెలు ఉంచుకుంటే చాలు.

పే పీరియడ్ల సంఖ్య దగ్గర కూడా జాగ్రత్త. రెండు వారాలకోసారి అంటే ఏడాదికి 26, నెలకు రెండుసార్లు అంటే 24. వినడానికి ఒకేలా ఉన్నా లెక్కలో ఒకటి కాదు. కొన్ని కంపెనీలు గంటలతో సంబంధం లేకుండా పీరియడ్‌కు ఇంత అని స్థిరంగా జమ చేస్తాయి. అలాంటి చోట జీతాల షెడ్యూల్ 26 నుంచి 24కి మారినప్పుడు 3.08 అనే పాత అంకెను అలాగే వదిలేస్తే, ఏడాదికి 80 బదులు 73.92 గంటలే జమ అవుతాయి. మీ కంపెనీ ఈ మధ్య షెడ్యూల్ మార్చి ఉంటే మొదట చూడాల్సింది ఇదే.

ఏ గంటలు లెక్కలోకి వస్తాయో తేల్చుకోండి

నా దృష్టిలో అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. రేటు అందరూ అడుగుతారు. ఆ రేటును ఏ గంటలతో గుణిస్తున్నారని అడిగేవాళ్లు తక్కువ. పాలసీలో "పనిచేసిన గంటలు" అని ఉందా, "జీతం చెల్లించిన గంటలు" అని ఉందా చూడండి. రెండిటి మధ్య మూడు రకాల గంటలు ఇరుక్కుని ఉంటాయి: ఓవర్‌టైమ్ గంటలు, లీవ్ పెట్టిన గంటలు, జీతంతో కూడిన పండగ సెలవుల గంటలు.

"పనిచేసిన గంటలు" అన్నప్పుడు లీవ్ మీద ఉన్న గంటలకు కొత్త లీవ్ పుట్టదు. పండగ సెలవు రోజుకూ పుట్టదు. ఓవర్‌టైమ్ మాత్రం నిజంగా చేసిన పని కాబట్టి సహజంగా లెక్కలోకి రావాలి. కానీ చాలా కంపెనీలు వారానికి 40 గంటల వరకే జమ అని పాలసీలో విడిగా ఒక వాక్యం రాసుకుంటాయి. తమ సొంత వెకేషన్, పీటీవో పాలసీలో అలా పరిమితి పెట్టుకోవచ్చు. రాష్ట్ర చట్టం కింద ఇచ్చే కనీస సిక్ లీవ్ సంగతి వేరు. కాలిఫోర్నియా సిక్ లీవ్‌లో ఓవర్‌టైమ్ కూడా పనిచేసిన గంటే.

దీని ప్రభావం ఏడాది మొత్తం మీద ఎంతుంటుందో చూడండి. పాలసీ 80 గంటలని చెబుతోంది, రేటు 0.03846. మీరు ఆ 80 గంటల లీవ్ వాడుకున్నారు, పైగా 10 రోజుల పండగ సెలవులకు మరో 80 గంటలు వెళ్లాయి. నిజంగా పనిచేసినవి 1920 గంటలు. కంపెనీ పనిచేసిన గంటల మీదే జమ వేస్తే మీకు వచ్చేది 73.84 గంటలు. ఆరు గంటలకు పైగా తక్కువ. ఎవరూ మోసం చేయలేదు, రేటు తప్పు కాదు, గుణకారమూ తప్పు కాదు. 2080తో భాగించి తీసిన రేటును 1920తో గుణించడం వల్ల వచ్చిన తేడా ఇది. 80 గంటలూ రావాలంటే రేటు 0.04167 ఉండాలి. హ్యాండ్‌బుక్‌లో "ఏడాదికి 80 గంటలు" అని స్పష్టంగా రాసి, జమ మాత్రం ఇలా జరుగుతుంటే హెచ్‌ఆర్‌ను అడగడం న్యాయమే. "ఏడాదికి గరిష్ఠంగా 80 వరకు" అని రాసి ఉంటే మాత్రం అడగడానికి ఆధారం బలహీనపడుతుంది. ఆ ఒక్క పదం కోసం పాలసీని నిదానంగా చదవండి.

నాలుగు పే పీరియడ్ల లెక్క వేసి చూద్దాం

ఒక గిడ్డంగిలో గంటకు 22 డాలర్లకు పనిచేసే ఉద్యోగిని అనుకుందాం. రెండు వారాలకోసారి జీతం, రేటు 0.03846, మొదట్లో బ్యాలెన్స్ 31.50 గంటలు. మొదటి పీరియడ్‌లో ఆమె సరిగ్గా 80 గంటలు చేసింది. రెండోదాంట్లో షిఫ్టులు తగ్గి 68 గంటలే దొరికాయి. మూడోదాంట్లో 80 మామూలు గంటలు, 6 ఓవర్‌టైమ్. నాలుగోదాంట్లో 56 గంటలు పనిచేసి 16 గంటలు లీవ్ పెట్టింది.

స్టబ్ రాకముందు ఆమె మనసులో వేసుకున్న లెక్క సులువైనది: పీరియడ్‌కు 3.08 చొప్పున నాలుగిటికి 12.32, పాత 31.50తో కలిపి, 16 తీసేస్తే 27.82. గంటల జీతంవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇలాగే. 3.08 అన్నది పూర్తి 80 గంటలు లెక్కకొచ్చిన పీరియడ్‌కే వర్తిస్తుంది. రెండో పీరియడ్‌లో ఆమెకు 68 గంటలకు వచ్చింది 2.62 మాత్రమే.

కాస్త జాగ్రత్తగా, చెల్లించిన గంటలన్నీ లెక్కకొస్తాయనుకుంటే 80, 68, 86, 72 కలిపి 306 గంటలు. జమ 11.77, బ్యాలెన్స్ 27.27 రావాలి. స్టబ్ మీద మాత్రం 26.42 ఉంది. తేడా 0.85 గంట.

ఇక్కడ చాలామంది "సిస్టమ్‌లో ఏదో తప్పుంది" అని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టేస్తారు. దానికంటే ముందు ఒక చిన్న పని చేయండి. ఆ తేడాను జమ రేటుతో భాగించండి. 0.85ని 0.03846తో భాగిస్తే దాదాపు 22. అంటే మీ లెక్కలో ఉండి కంపెనీ లెక్కలో లేనివి 22 గంటలు. ఇప్పుడు ఆ నాలుగు పీరియడ్లలో 22 గంటలు ఎక్కడున్నాయో వెతకండి. 16 గంటల లీవ్, 6 గంటల ఓవర్‌టైమ్. సరిగ్గా సరిపోయింది. కంపెనీ మామూలు పని గంటలనే లెక్కిస్తోందని, రెండు రకాలనూ వదిలేస్తోందని తేలిపోయింది. ఇక పాలసీ తెరిచి, ఆ రెండిటినీ వదిలేయడానికి దాంట్లో వీలుందో లేదో చూడటమే మిగిలింది.

ఈ భాగహారం నాకు చాలా ఇష్టమైన పరీక్ష, ఎందుకంటే అనుమానాన్ని అది గంటల్లోకి మారుస్తుంది. ఫలితం 8కో దాని గుణిజానికో దగ్గరగా వస్తే లీవ్ రోజో పండగ సెలవో తప్పిపోయి ఉండొచ్చు. 80 వస్తే ఒక పూర్తి పీరియడ్ జమే పడలేదు. ఏ గంటలకూ పొంతన లేని అంకె వస్తూ, తేడా ప్రతి పీరియడ్‌కూ కొద్దికొద్దిగా పెరుగుతుంటే అప్పుడు అనుమానించాల్సింది రేటును, లేదా దాన్ని కుదించిన తీరును.

తేడాలా కనిపించి తేడా కానివి కూడా రెండున్నాయి. స్టబ్ మీద బ్యాలెన్స్ పే పీరియడ్ ముగిసిన తేదీ నాటిది, జీతం చేతికొచ్చిన తేదీ నాటిది కాదు. మధ్యలో వారం రోజులు గడిచి, ఆ వారంలో మీరు లీవ్ పెట్టి ఉంటే అది తర్వాతి స్టబ్‌లోనే తగ్గుతుంది. రెండోది దశాంశాలు. 26.42 అంటే 26 గంటల 42 నిమిషాలు కాదు, 26 గంటల 25 నిమిషాలు. ఏడున్నర గంటలను 7.30 అని రాసుకుంటే మీ లెక్కే తప్పుతుంది, 7.5 అని రాసుకోవాలి.

క్యాప్‌కు ఎంత దూరంలో ఉన్నారో చూసుకోండి

చాలా పాలసీల్లో బ్యాలెన్స్‌కు ఒక పరిమితి ఉంటుంది. దాన్నే క్యాప్ అంటారు. మన ఉదాహరణలో అది 120 గంటలు అనుకుందాం. బ్యాలెన్స్ 118.50 ఉన్నప్పుడు మీకు 3.08 గంటలు రావాల్సి ఉన్నా 1.50 మాత్రమే జమ అవుతుంది. మిగిలిన 1.58 ఎక్కడా దాచి ఉంచరు, తర్వాత మీరు లీవ్ వాడుకుని బ్యాలెన్స్ తగ్గించినా అది తిరిగి రాదు. స్టబ్‌లో జమ గడి హఠాత్తుగా చిన్నదై తర్వాత సున్నా అయితే, అది క్యాప్ తగిలిన గుర్తు.

కాలిఫోర్నియాలో ఏడాది చివర మిగిలిన వెకేషన్‌ను రద్దు చేయడం చట్టరీత్యా కుదరదు, ఎందుకంటే జమ అయిన వెకేషన్‌ను అక్కడ సంపాదించిన జీతంగానే చూస్తారు. 1982లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి పునాది. అయితే సహేతుకమైన క్యాప్ పెట్టడానికి అక్కడా వీలుంది. జమ అయినదాన్ని లాక్కోవడం, ఇక మీదట జమను ఆపడం చట్టం దృష్టిలో వేరువేరు. కొలరాడోలో కూడా 2021లో అక్కడి సుప్రీంకోర్టు, సంపాదించిన వెకేషన్ జీతాన్ని ఒప్పందం పేరుతో ఎగ్గొట్టడం చెల్లదని తేల్చింది. మరికొన్ని రాష్ట్రాల్లో మిగిలింది పోతుందా, ముందుకు వెళుతుందా అన్నది ఎక్కువగా పాలసీ రాతను బట్టే ఉంటుంది.

క్యాప్‌కు ఇంకెన్ని పీరియడ్లు ఉన్నాయో తెలుసుకోవడం తేలిక. 120 నుంచి బ్యాలెన్స్ తీసేసి పీరియడ్ జమతో భాగించండి. 104.6 ఉంటే 15.4ని 3.08తో భాగించగా 5 వస్తుంది. అంటే పది వారాల్లోపు లీవ్ వాడుకోకపోతే మీ పనికి రావాల్సిన లీవ్ ఆగిపోతుంది. సెలవు అడగడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

ఇవన్నీ స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకోవచ్చు. A2లో పాత బ్యాలెన్స్, B2లో లెక్కకొచ్చే గంటలు, C2లో వాడిన లీవ్ రాయండి. జమకు ఒక గడి, కొత్త బ్యాలెన్స్‌కు ఒక గడి:

```
D2: =MIN(B2*0.03846, 120-(A2-C2))
E2: =A2-C2+D2
```

ఇందులో వాడిన లీవ్‌ను ముందు తీసేసి తర్వాత జమ వేశాను. కొన్ని పేరోల్ సాఫ్ట్‌వేర్లు ముందు జమ వేసి తర్వాత తీసేస్తాయి. క్యాప్‌కు దూరంగా ఉన్నప్పుడు రెండూ ఒకటే. క్యాప్ దగ్గర మాత్రం, మీరు లీవ్ పెట్టిన పీరియడ్‌లోనే జమ ఆగిపోయినట్టు కనిపిస్తే ఆ క్రమమే కారణం అయ్యుండొచ్చు.

ఆ గంటల విలువ డాలర్లలో

బ్యాలెన్స్‌ను ఇప్పటి గంట రేటుతో గుణించండి. లీవ్ జమ అయిన నాటి రేటుతో కాదు. పై ఉదాహరణలో ఆమెకు జీతం 22 నుంచి 24 డాలర్లకు పెరిగిందనుకుంటే, 26.42 గంటల విలువ 581.24 నుంచి 634.08 డాలర్లు అవుతుంది. గంటలు మారలేదు, విలువ పెరిగింది. ఉద్యోగం మానేసినా తీసేసినా కాలిఫోర్నియాలో మిగిలిన వెకేషన్‌ను చివరి రేటు చొప్పునే చెల్లించాలి. పేరోల్‌వాళ్లు ఎక్కడైనా పాత రేటు వాడారేమో చూడటానికి చివరి స్టబ్‌లో మొత్తాన్ని గంటలతో భాగించండి, మీ తాజా రేటు రావాలి.

సిక్ లీవ్ మాత్రం ఈ లెక్కలోకి తేకండి. కాలిఫోర్నియాలో విడిగా ఉంచిన సిక్ లీవ్‌కు ఉద్యోగం ముగిసినప్పుడు డబ్బు చెల్లించనక్కర్లేదు. రెండూ కలిపి ఒకే పీటీవోగా ఇచ్చే చోట మొత్తానికీ చెల్లించాలి. అందుకని స్టబ్‌లో రెండు బ్యాలెన్సులు విడివిడిగా ఉంటే, వెకేషన్‌దే చేతికొచ్చే డబ్బుగా లెక్కపెట్టుకోండి.

చేతికి ఎంత వస్తుందన్నది మరో ప్రశ్న. మిగిలిన లీవ్‌కు ఒకేసారి ఇచ్చే డబ్బును పన్ను లెక్కలో అదనపు జీతంగా చూస్తారు, దాని మీద ఫెడరల్ ఆదాయపు పన్ను కింద చాలాచోట్ల 22 శాతం పట్టుకుంటారు. సోషల్ సెక్యూరిటీ 6.2, మెడికేర్ 1.45 శాతం దానికి అదనం. 634.08లో 139.50 ఒకవైపు, 48.51 మరోవైపు పోతే 446.07 డాలర్లు మిగులుతాయి. రాష్ట్ర పన్ను ఉంటే ఇంకొంత తగ్గుతుంది. ఆ 22 శాతం పట్టుకున్న మొత్తమే తప్ప మీరు చివరికి కట్టాల్సిన పన్ను కాదు. మీ అసలు పన్ను అంతకంటే తక్కువైతే రిటర్న్ వేసినప్పుడు తిరిగొస్తుంది.

లీవ్‌ను వాడుకున్నప్పుడు దాని విలువ ఒకచోట తగ్గుతుంది. ఫెడరల్ చట్టం ప్రకారం లీవ్ గంటలు వారంలో 40 గంటల లెక్కకు రావు. సోమవారం 8 గంటలు లీవ్ పెట్టి, మిగతా రోజుల్లో 36 గంటలు చేస్తే స్టబ్‌లో 44 గంటలు కనిపిస్తాయి, కానీ ఓవర్‌టైమ్ ఒక్క గంట కూడా రాదు. నిజంగా పనిచేసింది 36 కదా. ఓవర్‌టైమ్ ఎక్కువగా దొరికే వారంలో లీవ్ పెట్టాలా, మామూలు వారంలోనా అని ఆలోచించేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

కొత్త ఉద్యోగం ఆఫర్ వచ్చినప్పుడు కూడా ఇదే లెక్క పనికొస్తుంది. గంటకు 22 డాలర్లు, ఏడాదికి 80 గంటల లీవ్ అంటే, 2000 గంటలు పనిచేసి 2080 గంటల జీతం తీసుకుంటున్నారు. పనిచేసిన ప్రతి గంట మీదా 4 శాతం, అంటే 88 సెంట్లు అదనం. లీవ్ లేకుండా 22.75 ఇస్తామనే చోట అంకె పెద్దగా కనిపించినా, అక్కడ గంటకు 13 సెంట్లు తక్కువే. మీరు లీవ్ నిజంగా వాడుకోగలిగితేనే, లేదా మానేసేటప్పుడు డబ్బు ఇచ్చే చోటైతేనే ఈ పోలిక నిలుస్తుంది.

తేడా ఉందని తేలితే

కారణం దొరికాక రాతపూర్వకంగానే అడగండి, ఫోన్‌లో కాదు. "నా లీవ్ తక్కువ పడింది" అని రాస్తే జవాబు కూడా అంతే పొడిగా వస్తుంది. పే పీరియడ్ ముగిసిన తేదీ, ఆ పీరియడ్‌లో మీ గంటలు, స్టబ్‌లో జమ అయిన అంకె, మీ లెక్క ప్రకారం రావాల్సిన అంకె, పాలసీలో ఆ వాక్యం ఉన్న పేజీ, ఈ ఐదూ ఒకే మెయిల్‌లో రాయండి. మన ఉదాహరణలో ప్రశ్న ఇలా ఉంటుంది: "మూడో పీరియడ్‌లో 6 ఓవర్‌టైమ్ గంటలకు 0.23 గంట జమ కాలేదు. పాలసీలో పనిచేసిన గంటలన్నిటికీ అని ఉంది. ఓవర్‌టైమ్‌ను మినహాయించే వాక్యం ఎక్కడుందో చెప్పగలరా?" పేరోల్‌లో పనిచేసేవాళ్లకు ఇలాంటి ప్రశ్నే సులువు, సెట్టింగ్ తప్పుంటే వెంటనే కనిపిస్తుంది. సరిచేస్తే తర్వాతి స్టబ్‌లో జమ గడిలో ఆ పీరియడ్ జమ కంటే 0.23 ఎక్కువ పడాలి. ఇకపై జమ సరిగ్గా వచ్చి పాతది కలవకపోతే, సెట్టింగ్ మార్చారు గానీ వెనకటి పీరియడ్లు సరిచేయలేదని అర్థం. అప్పుడు అదే సెట్టింగ్ ఎప్పటి నుంచి తప్పుగా ఉందో అడిగి, పాత స్టబ్‌లు ఒక్కొక్కటిగా అదే పద్ధతిలో లెక్కేయండి.